అక్క పంపిన బోర్డు ఫోటో, ఆమె కుడి మోకాలు

పోయిన వేసవిలో ఒక మంగళవారం పొద్దున్న ఏడున్నరకి అక్క వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. వాళ్ల జిమ్ గోడకున్న వైట్‌బోర్డు. ట్యూబ్‌లైట్ వెలుగు పడి కుడిపక్క కొంచెం తెల్లగా మెరిసిపోతోంది, కింద మూలన ఎవరిదో వాటర్ బాటిల్ అడ్డం. ఫోటో కింద ఒకటే లైను: "ఒరేయ్, నిన్న ఇది చేశా, ఇవాళ మెట్లు దిగలేకపోతున్నా, రేపు కూడా ఇలాంటిదే ఉంటదంట, వెళ్లనా మాననా?"

అక్కకి 42. గుంటూరులో స్కూల్ టీచర్, రోజంతా నిలబడే ఉద్యోగం. జిమ్‌లో చేరి అప్పటికి రెండు వారాలు. కుడి మోకాలు అంతకుముందు నుంచే కాస్త ఇబ్బంది పెడుతోంది, మెట్లు దిగుతుంటే చిప్ప చుట్టూ నొప్పి, సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుని లేస్తే మొదటి పది అడుగులు పట్టేసినట్టు ఉండటం. ఆమెకి తిరుమల కాలినడక మొక్కు ఒకటి బాకీ ఉంది, అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు, అందులో మోకాళ్ల పర్వతం ఒకటి, అది తల్చుకునే జిమ్‌లో చేరింది. అంటే వెళ్లాలా మానాలా అన్నది ఆమెకి చిన్న ప్రశ్న కాదు.

బోర్డు మీద ఉన్నది ఇది. వార్మప్‌కి 800 మీటర్ల రన్. తర్వాత 5 రౌండ్లు, ఫర్ టైమ్, అంటే గడియారం పెట్టుకుని ఎంత తొందరగా అయితే అంత తొందరగా. ఒక్కో రౌండ్‌లో గుంజీలా కూర్చుని పైకి గెంతే జంప్ స్క్వాట్లు 20, పెద్ద అడుగేసి మోకాళ్లు వంచుతూ నడిచే వాకింగ్ లంజెస్ 20, నేల మీదకి వంగి కాళ్లు వెనక్కి చాపి మళ్లీ లేచి గెంతే బర్పీలు 15, పెట్టె మీదకి గెంతే బాక్స్ జంప్‌లు 15, పిడి ఉన్న ఇనప గుండుని ఊపే కెటిల్‌బెల్ స్వింగ్స్ 20, చేతులు, కాలివేళ్ల మీద ఒంటిని కదలకుండా సాపుగా ఆపే ప్లాంక్ 45 సెకన్లు.

ఆ ఫోటోని ఆమె మోకాలికి తగ్గట్టు మార్చడానికి నాకు రెండు ప్రయత్నాలు పట్టింది. మొదటిది తప్పు. ఎందుకు తప్పో అర్థమైన తర్వాత నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది, అది చెప్పడానికే ఇంత రాస్తున్నా: "మోకాలి నొప్పికి ఈ ఎక్సర్‌సైజ్ సేఫ్, ఆ ఎక్సర్‌సైజ్ డేంజర్" అని పేర్లు చూసి మార్చేస్తే పని జరగదు. మోకాలికి పేర్లు తెలియవు. ఎంత లోతుగా వంగాలి, ఎన్నిసార్లు వంగాలి, గాల్లోంచి కిందకి దిగాలా, అంతే దానికి తెలిసేది.

ఫోటోలో పడనివి

ముందు ట్రైనర్ గురించి. నాకు మొదట అతని మీద కోపమొచ్చింది, రెండు వారాల మనిషితో బాక్స్ జంప్‌లా అని. తర్వాత అక్కని గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది, క్లాస్ మొదట్లోనే "కొత్తవాళ్లు మూడు రౌండ్లే చెయ్యండి, జంప్ వద్దనుకుంటే మామూలు స్క్వాట్ చెయ్యండి" అన్నాడంట. కానీ అది నోటితో అన్నాడు, బోర్డు మీద రాయలేదు. పక్కన ఇరవై మంది గెంతుతుంటే, టైమర్ మోగుతుంటే, అక్క కూడా ఐదు రౌండ్లూ లాగింది. ఇంక ఆ ఫోటో నా దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అసలు లేనే లేదు. బాక్స్ ఎత్తెంతో లేదు, మధ్యలో రెస్ట్ ఎంతో లేదు. కెటిల్‌బెల్ పక్కన 20 కాక 16 అని కూడా ఉంది, అది కేజీలని నేను ఊహించుకున్నా, అక్క మాత్రం పదహారు సార్లు చెయ్యాలేమో అనుకుందంట. బోర్డు ఆ గదిలో ఉన్నవాళ్లకి గుర్తు కోసం రాసేది, దాన్ని ఫోటో తీసి ఇంట్లో కూర్చుని ప్రిస్క్రిప్షన్‌లా చదివితే అందులో సగం సమాచారం ఉండదు.

ఇంట్లోవాళ్ల తీర్పు మాత్రం వెంటనే వచ్చేసింది. "గుజ్జు అరిగిపోయుంటుంది, ఇంక జిమ్ మానెయ్, నడక చాలు." మన దగ్గర మోకాలి చుట్టూ ఏ నొప్పొచ్చినా గుజ్జు అరిగిందనే అంటారు, ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. నిజంగా అరుగుదల ఉన్నవాళ్లకి కూడా డాక్టర్లు ముందు చెప్పేది తొడ కండరాలకి, పిరుదులకి బలం పెంచే వ్యాయామమే. అసలు కదపకుండా ఉంచితే కండరం ఇంకా తగ్గుతుంది, మెట్లు ఇంకా కష్టమవుతాయి.

నేను డాక్టర్ని కాదు, ఫిజియోని కాదు, ఎనిమిదేళ్లుగా బరువులెత్తుతున్న మామూలు మనిషిని. అందుకే ముందు అక్కని ఒక ఫిజియో దగ్గరికి పంపించా. ఆవిడ అడిగిన ప్రశ్నలు ఎవరికైనా పనికొస్తాయి: మోకాలు వాచిందా, వేడిగా ఉందా, వంచినప్పుడు మధ్యలో ఇరుక్కుపోయి కదలకుండా అయిపోతోందా, నడుస్తుంటే ఉన్నట్టుండి కాలు జారిపోయినట్టు అవుతోందా, మెలిక పడి "టప్" మని శబ్దమొచ్చి అప్పట్నుంచి మొదలైందా, ఆ కాలి మీద బరువు వెయ్యలేకపోతున్నారా, పడుకున్నా నొప్పి ఉంటోందా. వీటిలో దేనికైనా అవునంటే ఎక్సర్‌సైజ్ మార్చుకోవడం కాదు, ముందు ఆర్థోపెడిక్ డాక్టర్ని కలవాలి. అక్కకి అన్నీ కాదు. మెట్లు దిగుతుంటే, లోతుగా కూర్చుంటే, ఎక్కువసేపు మడిచి ఉంచితే చిప్ప చుట్టూ నొప్పి, అంతే. వంచినప్పుడు టకటకమనే చప్పుడు ఉంది గానీ ఆ చప్పుడుతో పాటు నొప్పి లేదు కాబట్టి దాన్ని పట్టించుకోవద్దన్నారు. చిప్ప వెనక ఒత్తిడి తట్టుకునే శక్తి కంటే పని ఎక్కువైపోయింది, పని తగ్గించి నెమ్మదిగా పెంచమన్నారు.

నేను చేసిన తప్పు

నేను చేసిందేంటంటే, బోర్డులో గెంతేవి రెండూ కొట్టేసి, గెంతకుండా ఒకచోట ఉండి చేసేవి పెట్టా. జంప్ స్క్వాట్ల బదులు వాల్ సిట్, గోడకి ఆనుకుని తొడలు నేలకి సమాంతరంగా వచ్చేదాకా దిగి నిమిషం పాటు ఉండటం. బాక్స్ జంప్ బదులు లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్, కూర్చుని కాలు చాపేది. మిగతావన్నీ అలాగే ఉంచి "కొత్తవాళ్లకి మూడు రౌండ్లు చాలు" అన్నా. కాగితం మీద చాలా సేఫ్‌గా కనిపించింది, ఒక్క గెంతు కూడా లేదు కదా (బర్పీ చివర ఒక గెంతు ఉంటుందన్న సంగతి కూడా నాకు తట్టలేదు).

మర్నాడు ఫోన్. "నిన్నటికంటే పెద్ద తేడా లేదురా, బట్టలారేసి డాబా మీంచి దిగుతుంటే ప్రాణం పోతోంది."

ఎందుకో ఫిజియో చెప్పాక తెలిసింది. మోకాలు వంగినప్పుడు తొడ ముందు కండరం మోకాలి చిప్పని తొడ ఎముక గాడిలోకి నొక్కి పట్టుకుంటుంది. నిలబడి వంగే ఎక్సర్‌సైజుల్లో ఎంత లోతుకి దిగితే ఆ నొక్కుడు అంత పెరుగుతుంది. వాల్ సిట్‌లో 90 డిగ్రీల దాకా దిగి అక్కడే నిమిషం ఆగితే, గెంతు లేదు నిజమే, కానీ ఒత్తిడి ఎక్కువుండే చోటే నిమిషం సేపు కాపలా కాసినట్టు. లెగ్ ఎక్స్‌టెన్షన్‌ది ఇంకో తిరకాసు, అక్కడ లెక్క తిరగబడుతుంది, కాలు పూర్తిగా చాపే చివరి భాగంలో చిప్ప మీద భారం ఎక్కువ. నేను ఆమెని "పూర్తిగా చాపి ఒక సెకను ఆపు" అని కూడా చెప్పా.

అదే వాల్ సిట్‌ని గోడ మీద కొంచెం పైకి జరిగి, సగం కూర్చున్నట్టు, ఇరవై సెకన్లు చేస్తే ఆమెకి నొప్పే లేదు. పేరు అదే, గోడ అదే.

లెక్కపెడితే తెలిసింది

ఇంకోటి, నేను అసలు లెక్కపెట్టలేదు. ఆ రాత్రి కూర్చుని కాగితం మీద కూడితే, పాత బోర్డులో ఒక్కో రౌండ్‌కి మోకాలు బాగా వంగేవి జంప్ స్క్వాట్లు 20, లంజెస్ 20, బర్పీలు 15, బాక్స్ జంప్‌లు 15, మొత్తం 70. ఐదు రౌండ్లకి 350. అందులో గాల్లోంచి కాళ్ల మీదకి దిగేవి రౌండ్‌కి 50, మొత్తం 250, బాక్స్ మీంచి కిందకి దూకితే అవి అదనం. అంతకుముందు నెల దాకా ఈ మనిషి రోజులో చేసే పెద్ద పని స్కూల్లో ఒక అంతస్తు ఎక్కడం.

అందులో ఒక్కో జంప్ స్క్వాట్ తీసి చూస్తే మరీ ఘోరమైనదేం కాదు, అక్క ఐదు చేస్తే బహుశా ఏమీ అయ్యేది కాదు. 250, అదీ టైమర్ పెట్టి, అలసిపోయి మోకాళ్లు లోపలికి కూలిపోతున్నా ఆపకుండా. నాకిప్పుడు అనిపించేదేంటంటే, మోకాలి నొప్పి ఉన్న కొత్తవాళ్లకి బోర్డు మార్చేటప్పుడు మొదట చెయ్యి వెయ్యాల్సింది పేర్ల మీద కాదు, అంకెల మీద, ఆ పైన రాసిన "ఫర్ టైమ్" మీద.

రెండోసారి మార్చింది

ఈసారి ఒక్కో లైను ముందు కూర్చుని, ఇది ఎందుకు పెట్టారు అని అడుగుతూ వెళ్లా. ఆ పని మోకాలికి తక్కువ ఖర్చుతో ఎలా అవుతుంది అని తర్వాత.

రన్ పెట్టింది ఒళ్లు వేడెక్కడానికి. దాని బదులు సైకిల్ 5 నిమిషాలు, తేలికగా. సీటు ఎత్తు మాత్రం చూసుకోవాలి, పెడల్ పూర్తిగా కిందకి వెళ్లినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. జిమ్ సైకిల్ సీటు ముందువాళ్లు ఎక్కడ వదిలేస్తే అక్కడే ఉంటుంది, అది కిందకి ఉంటే పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు గుండెలకి తగిలేంత ముడుచుకుంటుంది, అప్పుడు సైకిల్ వల్లే నొప్పి వస్తుంది.

జంప్ స్క్వాట్ పని తొడలు, పిరుదులకి పని పెట్టడం. దాని బదులు బెంచీ మీద కూర్చుని లేవడం. బెంచీ మీద రెండు యోగా మ్యాట్లు మడిచి పెట్టి ఎత్తు పెంచాం, నొప్పి మొదలయ్యే లోతు కంటే కాస్త పైనే ఆగేలా. పిరుదులు వెనక్కి పంపుతూ మూడు సెకన్లు లెక్కపెట్టి దిగడం, కూలబడకుండా ఆనించి లేవడం. 8 సార్లు. నెమ్మదిగా దిగితే ఎనిమిదే చాలా ఎక్కువ అనిపిస్తుంది.

లంజెస్ తీసేసి గ్లూట్ బ్రిడ్జ్ పెట్టా, వెల్లకిలా పడుకుని పాదాలు నేలకి ఆనించి నడుము పైకెత్తడం, 12 సార్లు. లంజ్ శత్రువేం కాదు, తర్వాత తిరిగి వస్తుంది, వచ్చేటప్పుడు కూడా ముందుకి అడుగేసేది కాకుండా వెనక్కి అడుగేసేది, గోడ పట్టుకుని. ముందుకి అడుగేసినప్పుడు ఒంటి బరువుకి బ్రేక్ వెయ్యాల్సింది ఆ ముందు మోకాలే కాబట్టి.

బర్పీకి రెండు చేతులూ బెంచీ మీద పెట్టి, ఒక్కో కాలు వెనక్కి వేసి ప్లాంక్‌లోకి వెళ్లి, ఒక్కో కాలు ముందుకి తెచ్చి నిటారుగా నిలబడటం. గెంతు లేదు, నేల దాకా దిగడం లేదు. 6 సార్లు. చేతులు బెంచీ ఎత్తులో ఉంటే మోకాలు పెద్దగా వంగదు, ఆయాసం మాత్రం తెప్పిస్తుంది.

బాక్స్ జంప్ బదులు స్టెప్-అప్, నాలుగు అంగుళాల స్టెప్పర్ మీదకి, కాలికి 6. దీని మీద ఎక్కువసేపు పోట్లాడుకున్నాం, ఎందుకంటే ఇది సింపుల్‌గా కనిపిస్తుంది గానీ జనం చాలావరకు కింద ఉన్న కాలితో ఒక తోపు తోసి ఎక్కేస్తారు, పైకాలు ఊరికే ఉంటుంది. పాదం మొత్తం స్టెప్పర్ మీద పెట్టి, పైకాలి బలంతోనే లేవాలి, దిగేటప్పుడు వెనక్కి నెమ్మదిగా. అద్దం ముందు చేస్తే చిప్ప పాదంలోని రెండో వేలి వైపు చూస్తోందో, బొటనవేలు దాటి లోపలికి పడిపోతోందో తెలుస్తుంది. పడిపోతోందంటే ఎత్తు ఎక్కువైంది లేదా ఆ రోజుకి చాలు.

కెటిల్‌బెల్ స్వింగ్‌లో మోకాలికి పెద్ద పని లేదు, అది నడుము వంచకుండా తుంటి దగ్గర మడిచి పిరుదులతో విసిరేది. కానీ కొత్తవాళ్లు దాన్ని స్క్వాట్‌లా కూర్చుని లేస్తూ చేస్తారు, అక్క వీడియో చూస్తే సరిగ్గా అదే. అందుకని ముందు మడత నేర్చుకోవాలి: చీపురు కర్ర వీపు వెనక నిలువుగా పట్టుకుని, తల వెనక, భుజాల మధ్య, వెన్ను చివర మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండగానే పిరుదులు వెనకున్న గోడకి ఆనించాలి. మూడింట్లో ఒకటి విడిపోయినా తప్పే. ఆ మడత వచ్చాక 5 కేజీల డంబెల్ రెండు చేతులతో పట్టుకుని 10 సార్లు. ప్లాంక్ అలాగే, 20 సెకన్లు.

మూడు రౌండ్లు. టైమర్ లేదు. ఇప్పుడు మోకాలు చెప్పుకోదగ్గట్టు వంగేవి రౌండ్‌కి 20, మొత్తం 60, గాల్లోంచి దిగేది ఒక్కటీ లేదు.

ట్రైనర్ అన్న మాట, అందులో నిజం

అక్క ఆ కాగితం తీసుకెళ్లి చూపిస్తే ట్రైనర్ చదివి, "మేడమ్, ఇంత తగ్గిస్తే చెమట కూడా పట్టదు, మీకు ఎఫెక్ట్ ఉండదు" అన్నాడంట. మొదట నాకది మామూలు జిమ్ మాటలా అనిపించింది. రెండు రోజులు ఆలోచిస్తే అతను చెప్పింది కరెక్టే. ఆ బోర్డు అసలు ఉద్దేశం కాళ్ల బలం కాదు, ఊపిరి పెంచడం, గుండె కొట్టుకునే వేగం పెంచడం. నేను గెంతులు తీసేసినప్పుడు ఆ ఉద్దేశాన్ని కూడా తీసేశా, దాని బదులు ఏమీ పెట్టలేదు. అందుకని రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య సైకిల్ మీద 2 నిమిషాలు పెట్టాం, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక ముక్కలు ముక్కలుగా మాట్లాడేంత వేగంతో. రోయింగ్ మెషిన్ ఖాళీగా ఉంది గానీ ముందుకి జరిగినప్పుడు మోకాలు బాగా ముడుచుకుంటుంది కాబట్టి దాన్ని వదిలేశాం. ఆ తర్వాత చెమట గురించి ఎవరూ మాట్లాడలేదు, నాలుగంగుళాల స్టెప్పర్ ఎక్కడో మూల నుంచి వెతికి తెచ్చింది కూడా ఆ ట్రైనరే.

అతనన్న ఇంకో మాట మాత్రం నేను ఒప్పుకోలేను, "ఇన్నేళ్లుగా ఇదే చేయిస్తున్నా, ఎవరికీ ఏం కాలేదు" అని. మోకాలు నొప్పొచ్చినవాళ్లు వచ్చి చెప్పి వెళ్లరు, మెల్లగా మానేస్తారు. నొప్పి లేనివాళ్లే ఆ గదిలో మిగులుతారు. అక్క కూడా ఆ మంగళవారం ఫోటో పంపకపోయుంటే అలాగే మానేసేది, ఆయన లెక్కలోకి వచ్చేదే కాదు.

"మోకాలు కాలివేళ్లు దాటకూడదు" అని అందరూ చెప్పే రూల్ గురించి కూడా అక్క అడిగింది. నొప్పి ఉన్న మొదటి వారాల్లో మోకాలు మరీ ముందుకి పోకుండా, పిరుదులు వెనక్కి పంపి చేస్తే చిప్పకి భారం తగ్గుతుంది, అందుకే బెంచీ పెట్టాం. కానీ దాన్ని జన్మంతా పాటించే నియమం చేసుకుంటే నేను ఒప్పుకోను. మెట్టు దిగేటప్పుడు పైన ఉన్న కాలి మోకాలు వేళ్లు దాటే తీరాలి, వేరే దారి లేదు. ఏదో ఒక రోజు ఆ మోకాలికి ఆ పని కూడా నేర్పాలి కదా, చిన్న ఎత్తు నుంచి. ముందుకి పోకుండా బలవంతంగా ఆపితే ఆ భారం ఎక్కడికీ మాయమవదు, నడుము మీదకి జరుగుతుంది.

మర్నాడు పొద్దున్న మెట్టు

నొప్పి లేకుండా చెయ్యాలా, కొంచెం ఉన్నా పర్లేదా అనేది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. సున్నా నొప్పి కావాలంటే అక్క ఏమీ చెయ్యలేదు, భరించు అంటే మళ్లీ మొదటికొస్తుంది. ఫిజియో ఇచ్చిన కొలత ఇది: నొప్పి 10కి ఎంత అని మనల్ని మనమే అడగాలి, చేసేటప్పుడు 3 దాకా వచ్చినా పర్లేదు, కానీ మర్నాడు పొద్దున్నకి మామూలు స్థితికి వచ్చెయ్యాలి. చేసేటప్పుడు అసలు నొప్పి లేకుండా మర్నాడు 5 వస్తే అది ఎక్కువైనట్టే. అంటే జిమ్‌లో ఉండగా వచ్చే జవాబు సగమే.

మేము డాబా మెట్లలో కింది మెట్టుని కొలబద్ద చేసుకున్నాం. రోజూ పొద్దున్న కాఫీకి ముందు కుడికాలు పైన ఉంచి, ఎడమకాలు కిందకి దించుతూ నెమ్మదిగా ఒక్కసారి దిగడం, ఎంతో క్యాలెండర్ మీద రాయడం. జిమ్‌కి వెళ్లని రోజుల్లో ఆమెకి 2 ఉండేది. పాత బోర్డు చేసిన మర్నాడు 6 అని తర్వాత గుర్తు చేసుకుని రాసింది. నా మొదటి మార్పుకి 5. రెండోదానికి 2. అదే బోర్డుని వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాప్‌తో, రెండు వారాలు ఏమీ మార్చకుండా చేసింది.

ఆ తర్వాత ఒకసారికి ఒకటే మార్పు. మూడో వారం ఒక మ్యాట్ తీసేశాం, క్యాలెండర్ మీద 2. నాలుగో వారంలో ఉత్సాహం వచ్చి ఒకే రోజు స్టెప్పర్ ఎత్తు పెంచింది, నాలుగో రౌండ్ కూడా చేసింది, మర్నాడు 4. రెండు మారిస్తే ఏది కారణమో ఎలా తెలుస్తుంది? వెనక్కి వెళ్లి మొదట రౌండ్ ఒక్కటే పెంచి చూశాం, ఏమీ కాలేదు, అంటే ఎత్తే తొందరైంది. ఆరో వారానికి మ్యాట్లు రెండూ పోయి బెంచీ ఎత్తుకే కూర్చుని లేస్తోంది, చేతిలో 5 కేజీలతో. వెనక్కి వేసే లంజ్ గోడ పట్టుకుని కాలికి ఐదు. పొద్దున్న మెట్టు 1, కొన్ని రోజులు 0.

తిరుమల సంగతి కూడా ఈ లెక్కలోనే తేల్చుకున్నాం. కార్తీకంలో వెళ్తుంది, ఎక్కడం నడిచి, దిగడం మాత్రం బస్సులో. దిగడమే ఆమె మోకాలికి కష్టం, మొక్కు ఎక్కడానికే కదా అని అమ్మ కూడా ఒప్పుకుంది.

నిన్న మళ్లీ ఒక బోర్డు ఫోటో వచ్చింది. ఈసారి ఫోటో మీదే ఎర్ర గీతలు, ఫోన్‌లో వేలితో గీసినవి. 5 రౌండ్లని 3 చేసింది, ఫర్ టైమ్ కొట్టేసింది, మౌంటెన్ క్లైంబర్స్ పక్కన "చేతులు బెంచీ మీద, నెమ్మదిగా" అని రాసింది. స్కిప్పింగ్ 100 అన్న లైను ఒక్కటే అలా వదిలేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. కింద మెసేజ్, "ఇవాళ పొద్దున్న 0. ఒక 20 చేసి చూడనా, మిగతావి ఏవీ పెంచకుండా?" చూడు, రేపు పొద్దున్న అంకె చెప్పు అన్నా.